భూతకాలం పట్టిన డైరీ

మా తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీలో ఒక ఇంగ్లీషు స్టడీ గ్రూపు ఉంది. దానికి ఒక లీడరు గారున్నారు. ఆయన మొన్న సభ్యులందరికీ ఒక నోటు పంచారు. రెండు వైపులా ప్రింటు, అడుగున సంతకం, సంతకం కింద హోదా. వారం వారం సభ్యులు రాసి తెస్తున్న ఇంగ్లీషు డైరీలలో టెన్సులు కలగాపులగంగా ఉంటున్నాయట. ఒక వాక్యం నిన్నలో ఉంటే దాని పక్కది ఇవాళలో, ఆ పక్కది రేపట్లో ఉంటోందట. చదువుకున్నవాళ్లకు ఇది తగదు కాబట్టి ఇకపై డైరీ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా సింపుల్ పాస్ట్‌లోనే ఉండాలని ఆజ్ఞ. 'ఒక డైరీ, ఒక టెన్స్' అని నినాదం కూడా ఉంది. తప్పిన ప్రతి క్రియకూ పది రూపాయల జరిమానా. వసూలైన సొమ్ము ఆదివారం సమోసాలకు.

ఆయన్ని తప్పుపట్టే ముందు ఆయన బతుకుతున్న ఊరిని కూడా చూడాలి. ఇక్కడ బాల్కనీలో చీర ఆరేయకూడదు. తలుపుకు నచ్చిన రంగు వేసుకోకూడదు. కుక్కపిల్ల ఏ లిఫ్టు ఎక్కాలో బోర్డు ఉంది. ఒకప్పుడు పొలాలున్న నేల మీద నల్లగండ్ల నుంచి కొల్లూరు దాకా లేచిన టవర్లలో, ఒకదానికొకటి తేడా లేకుండా ఉండటమే నాగరికత అని నమ్మిన మనిషి, అదుపులోకి రానిది ఇంకేముందా అని వెతికితే చివరికి క్రియాపదం ఒక్కటి దొరికింది.

ఫిర్యాదులో నిజం లేకపోలేదు. మా డైరీలలో టెన్సులు జారుతున్న మాట వాస్తవం. రోగం ఉంది, మందే తప్పు. ఆ మందు వేసుకున్న ఒక డైరీని చూద్దాం. సి బ్లాకులో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది. పేరు చెప్పనన్న షరతు మీద ఇచ్చారు. ఆయన ఆదివారం రాత్రి రాసిన అసలు ప్రతి ఇది:

"అవర్ ఫ్లాట్ ఫేసెస్ ఈస్ట్. ఐ యామ్ స్టేయింగ్ ఇన్ తెల్లాపూర్ సిన్స్ త్రీ యియర్స్. మై వైఫ్ ఈజ్ ఎ టీచర్. ఆన్ మండే ద కిచెన్ ట్యాప్ బ్రోక్. ద ప్లంబర్ సెడ్ హీ విల్ కమ్ ఆన్ ట్యూస్‌డే. హీ డిడ్ నాట్ కమ్. ఆన్ వెన్స్‌డే ఐ వోక్ అప్ ఎర్లీ, టుక్ ఎ బాత్, బుక్ ఎ క్యాబ్ అండ్ రీచ్ ఆఫీస్ ఎట్ లెవెన్. ఆన్ సాటర్‌డే వుయ్ వాచ్డ్ మాయాబజార్. ఘటోత్కచ టేక్స్ ద ఫార్మ్ ఆఫ్ శశిరేఖ. టుమారో ఐ విల్ కాల్ అనదర్ ప్లంబర్."

నోటు ముందు పెట్టుకుని, ఒక్క క్రియనూ వదలకుండా, ఆయనే భక్తిగా తిరగరాసిన ప్రతి ఇది. అంచున లీడరు గారు ఆకుపచ్చ సిరాతో 'ఎక్సలెంట్' అని రాశారు.

"అవర్ ఫ్లాట్ ఫేస్డ్ ఈస్ట్. ఐ స్టేడ్ ఇన్ తెల్లాపూర్ ఫర్ త్రీ యియర్స్. మై వైఫ్ వాజ్ ఎ టీచర్. ఆన్ మండే ద కిచెన్ ట్యాప్ బ్రోక్. ద ప్లంబర్ సెడ్ హీ కేమ్ ఆన్ ట్యూస్‌డే. హీ డిడ్ నాట్ కేమ్. ఆన్ వెన్స్‌డే ఐ వోక్ అప్ ఎర్లీ, టుక్ ఎ బాత్, బుక్డ్ ఎ క్యాబ్ అండ్ రీచ్డ్ ఆఫీస్ ఎట్ లెవెన్. ఆన్ సాటర్‌డే వుయ్ వాచ్డ్ మాయాబజార్. ఘటోత్కచ టుక్ ద ఫార్మ్ ఆఫ్ శశిరేఖ. టుమారో ఐ కాల్డ్ అనదర్ ప్లంబర్."

క్రమశిక్షణకు నమస్కారం. కానీ ఈ రెండో ప్రతిని ఇంగ్లీషు తెలిసిన పరాయి మనిషి ఎవరైనా చదివితే ఏమనుకుంటారు? ఫ్లాటు ఒకప్పుడు తూర్పు ముఖంగా ఉండేది, ఇప్పుడు ఎటు తిరిగిందో తెలియదు. తెల్లాపూర్‌లో తూర్పు ముఖానికి ఎంత ధర పలుకుతుందో తెలిసినవాళ్లు ఇలాంటి వాక్యం కాగితం మీద పెట్టరు. ఈయన మూడేళ్లు ఇక్కడ ఉండి ఖాళీ చేసి వెళ్లిపోయారు. భార్య టీచరుగా ఉండేది, ఉద్యోగం మానేసిందో, విడిపోయారో, అంతకంటే ఘోరమైనదేదైనా జరిగిందో అడగడానికి మనసొప్పదు. ఆవిడ మాత్రం నిక్షేపంగా ఉన్నారు, సోమవారం పొద్దున బడికి వెళ్లారు కూడా. ఆవిడ్ని గతంలోకి పంపింది మా నోటు.

తెలుగువాళ్లకు ఈ ప్రమాదం వెంటనే తట్టకపోవడానికి కారణం ఉంది. "మా ఆవిడ టీచరు" అన్నప్పుడు మన వాక్యంలో క్రియే లేదు. క్రియ లేనిచోట టెన్సు గొడవ ఎక్కడిది? ఇంగ్లీషు అలా ఊరుకోదు. ఈజ్ అంటావా, వాజ్ అంటావా తేల్చుకో అని మెడ మీద కూర్చుంటుంది. చుట్టూ అన్నీ గతంలో ఉన్నాయి కదా, వరస కలుస్తుందని వాజ్ పెట్టామా, ఆ మాట ఇప్పుడు నిజం కాదని ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది. తెలుగులో మనం కూడా అదే పని చేయగలం, "టీచరుగా ఉండేది" అని. అలా ఎప్పుడంటామో మనకు పుట్టుకతో తెలుసు. బతికున్న భార్య ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం గురించి ఏ మొగుడూ అలా అనడు, అంటే ఆ పూట అన్నం దొరకదు.

తెల్లాపూర్ వాక్యంలో మాత్రం అసలు ప్రతిలోనే తప్పుంది. "మూడేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను" అన్నప్పుడు మన 'ఉంటున్నాను' అప్పటి నుంచి ఇప్పటిదాకా ఉన్న మొత్తం నిడివిని ఒక్కటే మోసేస్తుంది. దాన్ని మాటకు మాట దించితే 'యామ్ స్టేయింగ్' వస్తుంది. అది ఇప్పుడు జరుగుతున్నదాన్ని మాత్రమే చూపిస్తుంది, వెనకటి మూడేళ్లను అందుకోలేదు. అందుకోవాలంటే 'హ్యావ్ బీన్ లివింగ్' కావాలి. పైగా సిన్స్ పక్కన మొదలైన తేదీ రావాలి, నిడివి చెప్పాలంటే ఫర్ రావాలి. మా మిత్రుడి వాక్యానికి కావలసిన వైద్యం ఇంతే. నోటు చేసిన వైద్యంలో సిన్స్ పోయి ఫర్ వచ్చింది, మంచిదే. దాంతోపాటు మనిషి ఫ్లాటు ఖాళీ చేసి పోయాడు.

ఇక ప్లంబర్. ఈ డైరీ మొత్తానికి ప్రాణం ఆయనే. సోమవారం నాడు ఆయన చెప్పింది "మంగళవారం వస్తా సార్" అని. తెలుగులో ఇంకొకరి మాటను మనం దాదాపు అన్నది అన్నట్టే పెట్టి, చివర 'అని' తగిలిస్తాం. వస్తానన్నాడు. ఆ 'వస్తాను' సోమవారం నోట్లోంచి ఊడిపడ్డట్టే ఉంటుంది, ఏ టెన్సులోకీ మార్చక్కర్లేదు. ఈ అలవాటుతోనే మా మిత్రుడు "సెడ్ హీ విల్ కమ్ ఆన్ ట్యూస్‌డే" అని రాశారు. ఇందులో చిక్కేమిటంటే ఆయన రాస్తున్నది ఆదివారం రాత్రి. అప్పటికి ఆ మంగళవారం దాటిపోయి అయిదు రోజులైంది. విల్ అంటే చదివేవాడికి రాబోయే మంగళవారం తోస్తుంది, ప్లంబర్ మీద ఇంకా ఆశ ఉన్నట్టు వినిపిస్తుంది. ఆ ఆశ కలిగించని మాట 'వుడ్'. "సెడ్ హీ వుడ్ కమ్." అదే మాట సోమవారం రాత్రే డైరీలో రాసుంటే విల్ తప్పు కాదు, వుడ్ కూడా తప్పు కాదు. మంగళవారం ఇంకా రాలేదు కాబట్టి రెండూ చెల్లుతాయి. ప్లంబర్ అన్న మాట మారలేదు. మారింది రాసేవాడు కూర్చున్న రోజు.

మరి మా నోటు ఈ వాక్యాన్ని ఏం చేసింది? "సెడ్ హీ కేమ్ ఆన్ ట్యూస్‌డే." అంటే ప్లంబర్ "నేను మంగళవారం వచ్చాను కదా సార్" అని బుకాయిస్తున్నాడు. రాని మనిషికి, పాపం, అబద్ధాలకోరు అన్న పేరు కూడా వచ్చింది. డబ్బులిచ్చి వ్యాకరణం నేర్చుకునే చోట పనివాళ్ల మీద ఇలాంటి నిందలు మోపడం న్యాయం కాదు.

లీడరు గారు దీనికి ఆధారం చూపించారు. రెన్ అండ్ మార్టిన్‌లో సీక్వెన్స్ ఆఫ్ టెన్సెస్ అధ్యాయం. ప్రధాన వాక్యం గతంలో ఉంటే దాన్ని ఆశ్రయించిన ఉపవాక్యం కూడా గతంలోకే రావాలని అక్కడ ఉన్న మాట నిజం. అది ఒక వాక్యం కడుపులో ఉండే ప్రధాన, ఉప వాక్యాల కాపురానికి సంబంధించిన నియమం. సోమవారానికీ ఆదివారానికీ మధ్య జరిగిన సమస్తానికీ వర్తించే చట్టం కాదు. అదే అధ్యాయంలో, ఎప్పటికీ నిజంగా ఉండే విషయమైతే వర్తమానంలోనే ఉంచవచ్చని మినహాయింపు కూడా ఉంది. ఆయన చదువు మినహాయింపుకు ఒక్క అంగుళం పైన ఆగిపోయింది. పైగా విల్‌ను గతంలోకి తెస్తే వుడ్ అవుతుందని కూడా ఆ పుస్తకమే చెబుతుంది. విల్ కమ్ కాస్తా కేమ్ అవుతుందని ఏ పుస్తకమూ చెప్పదు.

"డిడ్ నాట్ కేమ్" దగ్గర మాత్రం నాకు నవ్వు కంటే జాలి వేసింది. ఇది అజ్ఞానంతో వచ్చిన తప్పు కాదు. అసలు ప్రతిలో ఆయన "డిడ్ నాట్ కమ్" అని శుభ్రంగా రాశారు. నోటు చదివాక అనుమానం వచ్చింది: డిడ్ గతం, పక్కన కమ్ వర్తమానంలా కనిపిస్తోంది, ఇదేగా కలగాపులగం అంటే! దిద్దేశారు. నియమాన్ని నిజాయితీగా పాటించినందుకు వచ్చిన తప్పు ఇది. ఇంగ్లీషులో ఒక క్రియాసమూహానికి టెన్సు ఒక్కచోటే, మొదటి మాట మీదే ఉంటుంది. డిడ్ దాన్ని తీసేసుకున్నాక కమ్ ఏ కాలానికీ చెందని వట్టి రూపం. "వాంటెడ్ టు గో" లోని గో కూడా అంతే. తెలుగులో "వెళ్లలేదు" అంటాం గానీ "వెళ్లాను లేదు" అనం కదా! కాలాన్ని రెండుసార్లు గుద్దకూడదన్న సంగతి మనకు తెలియనిది కాదు. ఆ తెలివిని 'ఒక డైరీ, ఒక టెన్స్' తుడిచేసింది. ఆ ఆదివారం ఇంకో ముగ్గురి కాగితాలలో కూడా 'డిడ్ నాట్ వెంట్' కనిపించింది. నోటుకు ముందు ఆ ముగ్గురూ అలా రాసినవాళ్లు కాదు.

ఇప్పుడు నోటు నిజంగా బాగుచేసిన వాక్యం దగ్గరికి వద్దాం. బుధవారం. "వోక్ అప్, టుక్, బుక్, రీచ్." మొదటి రెండు క్రియలూ గతంలో నిటారుగా నడిచాయి, మూడోది కాలు జారింది, నాలుగోది దాని మీద పడింది. మా గ్రూపు డైరీలలో టెన్సులు జారేది ఎక్కువగా ఇలాగే. మొదటి క్రియ దగ్గర తప్పు అరుదు. వాక్యం సాగేకొద్దీ, మూడో నాలుగో అడుగులో జారుతుంది. లీడరు గారు దీన్ని అశ్రద్ధ అన్నారు. నేను అమ్మభాష అంటాను.

"పొద్దున్నే లేచి, స్నానం చేసి, క్యాబ్ బుక్ చేసుకుని, పదకొండింటికి ఆఫీసు చేరాను." ఈ వాక్యంలో కాలం ఎక్కడుంది? చివరి 'చేరాను' లో మాత్రమే. లేచి, చేసి, చేసుకుని అన్నవాటికి సొంత కాలం లేదు. చివర 'చేరతాను' అని మారిస్తే ముందున్నవన్నీ కిక్కురుమనకుండా రేపట్లోకి వెళ్లిపోతాయి. రైలు పెట్టెలన్నిటికీ ఒకటే ఇంజను ఉన్నట్టు. ఇలాంటి వాక్యాలలో పుట్టి పెరిగినవాడు ఇంగ్లీషులోకి వెళితే, అక్కడ ప్రతి పెట్టెకూ విడిగా ఇంజను తగిలించమంటారు. వోక్, టుక్, బుక్డ్, రీచ్డ్. మొదట తగిలిస్తాడు. రెండోసారీ తగిలిస్తాడు. గతమని ఒకసారి చెప్పాను కదా, ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి అని లోపలి తెలుగువాడు విసుక్కుంటాడు. అక్కడ ఈడీ రాలిపోతుంది. గబగబా మాట్లాడేటప్పుడు ఆ చివరి ఈడీ శబ్దం సగం నోట్లోనే ఉండిపోతుంది కాబట్టి చెవి కూడా కాపలా కాయదు. ఇర్రెగ్యులర్ క్రియలు ఈ విషయంలో మేలు. వెంట్, టుక్, కేమ్ లాంటివాటిలో మాట రూపమే మారిపోతుంది కాబట్టి గుర్తుంటాయి. జారేవి ఎక్కువగా ఈడీ తోకవే.

కారణం తెలిస్తే వైద్యం సులువు. డైరీ రాసేశాక ఒక్కటే పని: కామాలతోనూ అండ్‌తోనూ గొలుసుకట్టుగా వచ్చిన వాక్యాలను పట్టుకుని, మూడో క్రియ నుంచి చివరిదాకా ఒక్కొక్కదాని తోక చూడటం. మిగతా డైరీని తిరగేయక్కర్లేదు. ఒక్క నిమిషం పని. దానికి పది రూపాయల జరిమానా పెట్టి, భార్యల్నీ ఫ్లాట్లనూ గతంలో కలపనక్కర్లేదు.

నాకు అర్థం కానిది ఇంకొకటి ఉంది. ఈ సభ్యులలో చాలామంది పగలు గచ్చిబౌలిలోనో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో పనిచేసేవాళ్లు. అక్కడ పొద్దున స్టాండప్ మీటింగులో నిలబడి, నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేస్తానో, ఇప్పుడు ఏది అడ్డుపడుతోందో చెబుతారు. స్క్రమ్ గైడు 2020 కూర్పులోంచి ఆ మూడు ప్రశ్నలనూ తీసేసినా మన ఐటీ కారిడార్ వాటిని వదల్లేదు. ఒక్క నిమిషంలో గతం, భవిష్యత్తు, వర్తమానం మూడూ వచ్చి వెళతాయి. ఏ మేనేజరూ "టెన్సులు కలుస్తున్నాయి బాబూ" అని ఆపడు. ఆ తర్వాత అదే మనిషి కూర్చుని, చేసేసిన పనికి `git commit -m "Fix login timeout"` అని రాస్తాడు. పని అయిపోయింది, మాట మాత్రం ఆజ్ఞార్థకంలో ఉంది. గిట్ సొంత మార్గదర్శకాలే అలా రాయమంటాయి. అంటే కాలాన్ని పద్ధతి ప్రకారం నడపడం వీళ్లకు రానిది కాదు. తెల్లాపూర్ గేటు దాటి లోపలికి వచ్చి, క్లబ్ హౌస్‌లో ఆకుపచ్చ సిరా ముందు కూర్చున్నప్పుడే రాకుండా పోతోంది.

స్టాండప్‌లో ఎందుకు తడబడరంటే అక్కడ అందరికీ ఒక కాలు ఆనే చోటు ఉంది: ఇవాళ పొద్దున, ఈ క్షణం. డైరీకి కూడా అలాంటి చోటే కావాలి. వారం డైరీకి అది రాసే సమయం, ఆదివారం రాత్రి తొమ్మిది అనుకుందాం. ఆ కుర్చీలోంచి చూసి ప్రతి క్రియనూ అడగాల్సింది ఇంతే: ఈ పని అప్పటికి అయిపోయిందా, ఇంకా నడుస్తోందా, ఇక జరగాలా? కుళాయి విరగడం అయిపోయింది, బ్రోక్. ఫ్లాటు తూర్పుకే ఉంది, ఫేసెస్. రేపు ఇంకో ప్లంబర్‌ను పిలవాలి, విల్ కాల్. టెన్సులు నిలకడగా ఉండటమంటే క్రియలన్నీ ఒకే రూపంలో ఉండటం కాదు, అన్నీ ఒకే కుర్చీలోంచి లెక్కపడటం. కాలం మారనిచోట టెన్సు మారితే తప్పు. కాలం మారినచోట టెన్సు మారకపోతే అదీ తప్పే. మొదటి తప్పుకు మా నోటులో జరిమానా ఉంది. రెండోదానికి 'ఎక్సలెంట్' ఉంది.

మాయాబజార్ సంగతి కొంచెం వేరు. 1957లో వచ్చిన సినిమా, శనివారం చూడటం అయిపోయింది, కాబట్టి 'వాచ్డ్' గతమే. కానీ లోపలి కథ? ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేయడం 1957లో ఒకసారి జరిగి ముగిసిపోయిన సంఘటన కాదు. ఎవరు ఎప్పుడు చూసినా మళ్లీ జరుగుతుంది. అందుకే సినిమా కథ చెప్పేటప్పుడు ఇంగ్లీషువాళ్లు వర్తమానం వాడతారు. మనం మాత్రం ఏం చేస్తాం? "హీరో ఊళ్లోకి వస్తాడు, విలన్ అడ్డుపడతాడు" అనే కదా చెబుతాం! టుక్ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది, అది నేను కాదనను. కథ మొత్తాన్ని గతంలో చెప్పుకుపోతే అదీ ఒక పద్ధతే. టేక్స్ అన్నవాడికి పది రూపాయలు వేయడమే అన్యాయం. అసలు ప్రతికి మా మిత్రుడు కట్టిన జరిమానాలో పది రూపాయలు ఘటోత్కచుడి ఖాతాలోవి. ఆయన సంగతి తెలుసు కదా, సమోసాలు ఆయన తరఫువే అనుకుని సర్దుకున్నాం.

మొదటి నోటుకు స్పందన బాగుందని లీడరు గారు రెండో నోటు కూడా వదిలారు. పాతవాటికీ కొత్తవాటికీ తేడా తెలియాలి కాబట్టి సోమవారం నుంచి బుధవారం దాకా జరిగినవాటికి హాడ్ పెట్టాలి, గురువారం నుంచి సింపుల్ పాస్ట్ చాలు! హాడ్ అంటే ఎక్కువ పాతది అన్న ఈ నమ్మకం ఆయన సొంతం కాదు. "ఐ హాడ్ గాన్ టు కొల్లూర్ యెస్టర్‌డే" అని నిత్యం వింటూనే ఉంటాం. ఎంత పాతదన్న దానితో హాడ్‌కు పనిలేదు. వందేళ్ల కిందటిదైనా ఒంటరిగా చెబితే సింపుల్ పాస్ట్ చాలు. గతంలో ఒక క్షణం దగ్గర నిలబడి, అంతకు ముందే అయిపోయినదాన్ని చూపించాల్సి వచ్చినప్పుడే హాడ్ కావాలి. తెలుగువాడికి దీన్ని పట్టుకునే కొలత చేతిలోనే ఉంది: 'అప్పటికే' అన్న మాట అక్కడ ఇముడుతుందా? "ప్లంబర్ వచ్చేసరికి నేను అప్పటికే కుళాయి బిగించేశాను." ఇముడుతుంది, కాబట్టి "వెన్ ద ప్లంబర్ కేమ్, ఐ హాడ్ ఆల్‌రెడీ ఫిక్స్డ్ ద ట్యాప్." అదే "సోమవారం అప్పటికే కుళాయి విరిగింది" అంటే, అప్పటికే అంటే ఎప్పటికి అని అడుగుతారు. జవాబు లేకపోతే హాడ్‌కు చోటు లేదు. రెండో నోటు తర్వాత మా డైరీలలో వారం మొదటి సగం మొత్తం ఏదో పెద్ద సంఘటనకు ముందు జరిగినట్టు ఊరిస్తుంది, ఆ పెద్ద సంఘటన మాత్రం ఆదివారం దాకా రాదు.

మా సభ్యులలో కొందరు ఐఈఎల్‌టీఎస్‌కు చదువుతున్నారు. వాళ్ల కోసమైనా లీడరు గారు ఒకసారి ఆలోచించాల్సింది. ఆ పరీక్ష రైటింగ్ విభాగంలో నాలుగు కొలతలుంటాయి, నాలుగింటికీ సమాన బరువు. అందులో ఒకటి వ్యాకరణానిది, దానికి రెండు కళ్లు: ఎంత తప్పుల్లేకుండా రాశావన్నది ఒకటి, ఎన్ని రకాల నిర్మాణాలు వాడగలిగావన్నది రెండోది. హ్యావ్ బీన్, వుడ్, హాడ్ లేకుండా సింపుల్ పాస్ట్ ఒక్కదానితో రాస్తే మొదటి కన్ను మూసుకుని సంతోషిస్తుంది, రెండోది తెరుచుకుని చూస్తుంది. తప్పు చేయకుండా ఉండటానికి మాట్లాడటమే మానేసినవాడికి అక్కడ మంచి మార్కులు రావు.

తెలుగువాళ్లకు ఇంగ్లీషు మేష్టర్లు కొత్తకాదు. కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పినప్పటి నుంచీ, చెప్పేవాడి ధీమా ఎప్పుడూ చదువు కంటే నాలుగు మెట్లు పైనే ఉంటుంది. గిరీశాన్ని సృష్టించిన గురజాడ మటుకు తన డైరీలు ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. ఆయన కాలంలో తెల్లాపూర్‌లో స్టడీ గ్రూపు లేకపోవడం మన అదృష్టం. ఉండుంటే ఎన్ని సమోసాలకు సరిపడా కట్టి ఉండేవాడో.

జరిమానా ప్రభావం మాత్రం నిజంగానే కనిపించింది. నోటుకు ముందు ఒక్కో డైరీ పేజీ నిండా ఉండేది. ప్లంబర్లు, అత్తగార్లు, ట్రాఫిక్కు, పిల్లల పరీక్షలు, రేపటి బెంగలు, సినిమా కథలు, వచ్చే నెల ఊరికి వెళదామన్న ఆలోచన అన్నీ అందులో ఉండేవి. ఇప్పుడు జనం లెక్క వేసుకుంటున్నారు. క్రియకు పది రూపాయలైతే క్రియలు ఎన్ని తక్కువుంటే అంత మేలు. రేపటి మాట తీస్తే విల్ వస్తుంది, కాబట్టి రేపటి మాటే వద్దు. ఎవరో ఏదో అన్నారంటే వుడ్ తగులుతుంది, కాబట్టి ఎవరూ ఏమీ అనరు. భార్యాబిడ్డల ప్రస్తావన మరీ ప్రమాదం, ఈజ్‌కు పది రూపాయలు, వాజ్‌కు ఇంట్లో గొడవ. పోయిన ఆదివారం లీడరు గారు మాదిరి డైరీగా ఎంచి, అందరికీ జిరాక్సు తీయించి పంచిన ప్రతిలో వారం మొత్తం ఇది: "వోక్ అప్. వెంట్ టు ఆఫీస్. కేమ్ హోమ్. స్లెప్ట్." కింద 'డిట్టో' అని ఆరుసార్లు ఉంది, శని ఆదివారాలతో సహా. శని ఆదివారాలు ఆఫీసుకు ఎందుకు వెళ్లారని ఎవరో అడిగితే, వెళ్లలేదండీ, కానీ వెళ్లలేదని రాయాలంటే డిడ్ నాట్ పక్కన గో పెట్టాలా వెంట్ పెట్టాలా తేలలేదు, ఎందుకొచ్చిన గొడవని వెళ్లినట్టే రాసేశాను అన్నారు ఆ డైరీ రాసినాయన.